కొటేషన్ తీసేసి ఆ చోట మీ అనుభవం పెట్టడం ఎలా: ఒక పోస్టును మొదటి నుంచి చివరి దాకా మార్చిన పద్ధతి

మా పిన్ని కొడుకు ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఒక కొటేషన్ పెడతాడు. సొంతూరు అనంతపురం. ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీలో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. లింక్డ్‌ఇన్‌లో ఒకటి, అదే వాట్సాప్ స్టేటస్‌లో ఒకటి, అదే మా కుటుంబం గ్రూపులో ఇంకొకటి. ఆ వారం పెట్టింది ఇది: కొండ అంచున నిలబడ్డ మనిషి, వెనక సూర్యుడు, మీద "అడిగినవాడు ఐదు నిమిషాలు మూర్ఖుడు, అడగనివాడు జీవితాంతం మూర్ఖుడు", కింద "చైనా సామెత". తొమ్మిది లైకులు వచ్చాయి. అందులో ఒకటి నాది, చదవకుండా కొట్టింది.

ఆదివారం కుందలహళ్ళి గేట్ దగ్గర మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ, "ఎవరూ చదవట్లేదక్కా" అన్నాడు. నాది ఎడిటింగ్ పని. పదిహేనేళ్లుగా ఇతరుల వాక్యాలు దిద్దుతున్నాను. "నువ్వు చదివావా మరి, పెట్టే ముందు?" అన్నాను. నవ్వాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని ఆ ఒక్క పోస్టును తీసేసి, అదే మాట చెప్పే వాడి అనుభవం ఒకటి రాశాం. రెండున్నర గంటలు పట్టింది. అందులో రాయడానికి పట్టింది అరగంటే. మిగతాదంతా వెతుక్కోవడానికే.

మొదట: ఆ కొటేషన్ అసలు ఏమంటోందో తేల్చుకోండి

కొటేషన్‌ను ఒకసారి మూసేసి, దాని సారాన్ని మీ ఇంట్లో వాడే మాటల్లో ఒక వాక్యంలో రాయండి. మావాడు రాసింది "తెలియనిది అడగాలి" అని. అది సరిపోదు. మనకు "అడగందే అమ్మైనా పెట్టదు" అనే సామెత ఉంది, అది కూడా అడగమనే చెబుతుంది. కానీ ఆ రెండూ ఒకటి కాదు. అమ్మ సామెతలో అడిగేది మనకు కావలసిన దాన్ని. అక్కడ సిగ్గు ప్రసక్తి లేదు. కొటేషన్‌లో అడిగేది మనకు తెలియని దాన్ని. తెలియదని పదిమందికీ తెలిసిపోతుందన్న భయమే దాని ప్రాణం. దాదాపు ఇదే మాట జపాన్‌లో సామెతగా ఉంది: అడగడం కాసేపటి సిగ్గు, అడగకపోవడం జీవితాంతం సిగ్గు. అందులోనైతే మూర్ఖుడు అన్న మాటే లేదు, ఉన్నదంతా సిగ్గు గురించే.

ఇంత పట్టింపు ఎందుకంటే, వెతకాల్సిన అనుభవం దీన్ని బట్టే మారిపోతుంది. "అడగాలి" అని ఆగిపోతే, జీతం పెంచమని అడిగిన సంగతి కూడా పనికొస్తుందనిపిస్తుంది. అది వేరే కథ. చివరికి మావాడు రాసుకున్న వాక్యం ఇది: "తెలియదని తెలిసిపోతుందేమోనని అడగలేదు, దానివల్ల అడిగితే పడే సిగ్గు కంటే పెద్ద నష్టం జరిగింది." దీంట్లో రెండు భాగాలున్నాయి, చిన్న సిగ్గు, పెద్ద నష్టం. రెండూ ఉన్న అనుభవమే కావాలి. ఒకటే ఉంటే కుదరదు.

కొటేషన్లకు కూడా ఒకప్పుడు కథ ఉండేది

ఇది మెట్టు కాదు, మధ్యలో వచ్చిన మాట. కానీ మావాడు మాట వినడం మొదలుపెట్టింది ఇక్కడే, అందుకే చెబుతున్నాను.

బల్బు కనిపెట్టడానికి ఎడిసన్ వెయ్యిసార్లు ఓడిపోయాడని, "నేను ఓడిపోలేదు, పనిచేయని వెయ్యి దారులు కనిపెట్టాను" అన్నాడని ఒక కొటేషన్ తిరుగుతూ ఉంటుంది. కొన్నిచోట్ల వెయ్యి, కొన్నిచోట్ల పదివేలు. దాని మూలం 1910లో వచ్చిన ఎడిసన్ జీవిత చరిత్రలో ఉంది. అక్కడ బల్బు లేదు, స్టోరేజి బ్యాటరీ ఉంది. వాల్టర్ మాలరీ అనే స్నేహితుడు ఎడిసన్‌ను చూడటానికి ల్యాబ్‌కి వెళ్తాడు. మూడడుగుల వెడల్పు, పన్నెండు నుంచి పదిహేను అడుగుల పొడవు ఉన్న బల్ల, దాని నిండా వందల కొద్దీ చిన్న చిన్న టెస్ట్ సెల్స్. అప్పటికి తొమ్మిది వేలకు పైగా ప్రయోగాలు చేశారని, ఒక్కటీ ఫలించలేదని తెలిసి, ఇంత చేసినా ఫలితం రాకపోవడం బాధగా లేదా అని జాలిగా అడుగుతాడు. ఎడిసన్ నవ్వి, ఫలితాలకేం, బోలెడు వచ్చాయి, పనిచేయనివి కొన్ని వేలు నాకు తెలుసు అన్న అర్థం వచ్చేలా చెబుతాడు.

అంటే అది మొదట ఒక స్నేహితుడు చెప్పుకున్న అనుభవం. బల్ల కొలతతో సహా చెప్పాడు. చేతులు మారుతూ వచ్చేసరికి బల్ల పోయింది, స్నేహితుడు పోయాడు, బ్యాటరీ బల్బయింది, నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే ఫొటో మీద మిగిలింది. మనం చేయబోయేది దీనికి తిరుగుప్రయాణం. మాటను పక్కన పెట్టి బల్లను తెచ్చుకుంటున్నాం.

వెతకడం: జ్ఞాపకంలో కాదు, ఫోన్‌లో

"ఇలాంటి అనుభవం ఏదైనా ఉందా?" అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తురాదు. మావాడికీ రాలేదు. "చాలాసార్లు జరిగిందక్కా" అన్నాడు. చాలాసార్లు అంటే ఒక్కటీ గుర్తు లేదని అర్థం.

అందుకే నష్టం వైపు నుంచి వెతకమన్నాను. నష్టం జరిగితే ఎక్కడో ఒక ఆనవాలు ఉంటుంది. ఫోన్‌పే చరిత్రలో దండగ కట్టిన డబ్బు, మెయిల్లో "సారీ" అన్న పదం, చాట్‌లో తెల్లవారుజామున పెట్టిన మెసేజ్, క్యాలెండర్‌లో రెండోసారి పెట్టుకున్న మీటింగ్. మావాడు మెయిల్‌లోనూ ఆఫీసు చాట్‌లోనూ "సారీ" అని కొట్టి వెతికితే ముప్పావుగంటలో మూడు సంగతులు తేలాయి.

మొదటిది బస్సు. బెంగళూరుకు వచ్చిన మొదటి వారం, సిల్క్ బోర్డు వైపు వెళ్లాల్సినవాడు 500డి బస్సెక్కి హెబ్బాళ వైపు పోయాడు. ఒకే నంబరు బస్సు రెండు దిక్కులకూ తిరుగుతుంది. బోర్డు కన్నడంలో ఉన్నా మన లిపికి దగ్గర కదా, కూడబలుక్కుని చదివేశాననుకున్నాడు. కండక్టర్‌ను అడగలేదు. రెండోది పీజీ. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో అడగకపోవడంతో అడ్వాన్సులో సగం పోయింది. మూడోది ఆఫీసులో, తప్పు లింకు మీద మూడు రోజులు టెస్టింగ్ చేసిన సంగతి.

బస్సు కథ సరదాగా ఉంది, కానీ నష్టం చాలా చిన్నది. గంట ఆలస్యమైంది, అంతే. పైగా అక్కడ అడగకపోవడానికి కారణం సిగ్గు కాదు, చదవగలనన్న ధీమా. పీజీలో నష్టం పెద్దదే, కానీ అడగాలని వాడికి తట్టనే లేదు. తట్టనిదాన్ని దాచుకోవడం ఉండదు. మూడోదాంట్లోనే సిగ్గు, నష్టం రెండూ ఉన్నాయి. అయితే సిగ్గు అందులో ఉందని మాకు అప్పటికి తెలియదు.

ఆ క్షణంలో చేతులు ఏం చేశాయి?

మావాడు మొదట రాసిన డ్రాఫ్టు ఇలా ఉంది: "నా కెరీర్ ప్రారంభంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. సందేహాలు అడగడానికి వెనకాడాను. దానివల్ల ఎంతో సమయం వృథా అయింది. అప్పటినుంచి నేను ఒక విలువైన పాఠం నేర్చుకున్నాను. అడగడానికి ఎప్పుడూ సిగ్గుపడకండి మిత్రులారా!"

ఇది ఇంకా కొటేషనే, కాస్త పొడుగైంది, అంతే. దీని కింద ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. బ్యాంకు ఉద్యోగి పెట్టుకోవచ్చు, డాక్టర్ పెట్టుకోవచ్చు. మీ డ్రాఫ్టు ఇలా వస్తే దాన్ని దిద్దడానికి కూర్చోవద్దు. పక్కన పెట్టేసి ప్రశ్నలు వేసుకోండి.

నేను వేసిన ప్రశ్నలు పెద్దవేం కాదు. ఏ రోజు? ఎవరెవరున్నారు? అడగాలనిపించినప్పుడు ఎక్కడ కూర్చున్నావు? చివరగా, "వెనకాడాను అన్నావు కదా, వెనకాడటం అంటే ఆ క్షణంలో నీ చేతులు ఏం చేశాయి?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టైప్ చేశానక్కా. గ్రూపులో. మళ్ళీ చెరిపేశాను" అన్నాడు.

అదీ దొరకాల్సింది. "సిగ్గుపడ్డాను" అని రాస్తే చదివేవాడు నమ్మాలి, లేదా మానుకోవాలి. టైప్ చేసి చెరిపేశాను అంటే నమ్మకంతో పనే లేదు, వాడూ నిన్ననో మొన్ననో అదే పని చేసి ఉంటాడు. భావం పేరు రాయాల్సి వచ్చిన ప్రతిచోటా ఆ నిమిషంలో శరీరం చేసిన పనిని వెతకండి. దాదాపు ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

అంకెలు సరిచూసుకోండి

మావాడు పదిహేను బగ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పులు, రాశానన్నాడు. ఆఫీసు ట్రాకర్ తెరిచి చూస్తే పదకొండు. తర్వాత ముగ్గురు థాంక్స్ చెప్పారన్నాడు. చాట్ చూస్తే ఒక్కరే. అబద్ధం చెప్పాలని కాదు, చెప్పుకునేకొద్దీ కథ ఊరుతుంది. చిన్న అంకె చెబితే పస తగ్గుతుందని భయపడకండి. ఒక్కరే అన్నప్పుడు ఆ ఒక్కరూ నిజంగా ఉన్నారనిపిస్తుంది.

ఇదే చోట ఇంకో పని కూడా చేయాలి. కంపెనీ పేరు, క్లయింటు పేరు, సాఫ్ట్‌వేర్ దేనికోసమన్నది, లింకు అక్షరాలు, ఇవన్నీ తీసేశాం. టీమ్ లీడ్ ఎవరో ఆ టీమ్‌వాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి ఆయన నోటి వెంట వచ్చిన మాటల్లో ఆయనకు ఇబ్బంది లేని ఒక్కటే ఉంచాం. తప్పు మీది అయితేనే ఇలాంటి పోస్టు నిలబడుతుంది. తప్పు ఇంకొకరిదైతే అది ఫిర్యాదు అవుతుంది.

రాయడం

చదివేవారికి ముందుగా ఒక్క విషయం తెలియాలి: సాఫ్ట్‌వేర్ తయారయ్యేటప్పుడు ఒకే అప్లికేషన్‌కు రెండు మూడు నకళ్లు ఉంటాయి. డెవలపర్లు ఇంకా మారుస్తూ ఉన్నది డెవ్. దాదాపు పూర్తయ్యాక, జనానికి ఇచ్చేముందు చూసేది స్టేజింగ్. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, లింకులోనే తేడా. మావాడు దీన్ని వివరిస్తూ నాలుగు వాక్యాలు రాశాడు. కథలో అన్ని వాక్యాలు పట్టవు, సగం వాక్యంలో చెప్పాలి. ఏ రంగం వాళ్లయినా ఇక్కడే తడబడతారు, పని గురించి చెప్పడం మొదలుపెట్టి జరిగింది మర్చిపోతారు.

ఇంకో సంగతి, మావాడు పోస్టులు ఇంగ్లీషులో పెడతాడు. ముందు తెలుగులో, నాకు చెప్పినట్టే రాయమన్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే జర్నీ, లెర్నింగ్, గ్రోత్ అన్న మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. తెలుగులో "పాత లింకే అయ్యుంటుందిలే అనుకున్నాను" అని వచ్చింది. ఆ "లే"లో ఉన్న నిర్లక్ష్యం వాడి మొదటి డ్రాఫ్టు మొత్తంలో లేదు.

రెండు గంటలు గడిచాక తయారైంది ఇది:

> ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున టీమ్ గ్రూపులో "స్టేజింగ్ లింకు ఏది?" అని టైప్ చేశాను. గ్రూపులో 14 మంది ఉన్నారు. నేను చేరి ఐదు వారాలైంది. ఇంకా ఇది కూడా తెలియదా అనుకుంటారని చెరిపేశాను.
>
> ట్రైనింగ్‌లో ఇచ్చిన లింకు ఒకటి నా దగ్గరుంది. అదే అయ్యుంటుందిలే అనుకుని మూడు రోజులు దానిమీదే టెస్ట్ చేసి 11 బగ్‌లు రాశాను. గురువారం సాయంత్రానికి అన్నీ "మా దగ్గర రావట్లేదు" అని వెనక్కి వచ్చాయి. లీడ్ నా స్క్రీన్ చూసి "ఇది డెవ్ కదా" అన్నారు. ఇంకా సగంలో ఉన్న కోడ్‌లో నేను తప్పులు వెతుకుతున్నాను. సరైన లింకు పంపడానికి ఆయనకు పది సెకన్లు పట్టింది.
>
> శుక్రవారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ లింకు గ్రూపులో కూడా పెట్టాను. కాసేపటికి ఒకరు విడిగా మెసేజ్ చేశారు: "థాంక్స్. నా దగ్గరా పాతదే ఉంది."

మొదటి వాక్యంలోనే ఆ రోజు, ఆ పని వచ్చేశాయి చూడండి. లింక్డ్‌ఇన్‌లో పోస్టు మొదటి రెండు మూడు లైన్లే బయటికి కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. "నా కెరీర్ ప్రారంభంలో" అని మొదలుపెడితే ఆ లైన్లు దానికే పోతాయి. నేను ఒక రూలు పెట్టుకున్నాను: "చెరిపేశాను" అన్న మాట మొదటి పేరాలోనే రావాలి.

చివరి వాక్యం కోసే పరీక్ష

మావాడు దీని కింద "అందుకే అంటారు..." అని మళ్ళీ కొటేషన్ అతికించాడు. చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేశాను. కథ చెప్పాక నీతి కూడా చెబితే, చదివేవారు కథ మర్చిపోయి నీతిని చూస్తారు. ఆ నీతి వాళ్లు వెయ్యిసార్లు చూసిందే.

నీతి అవసరమో కాదో తేల్చడానికి ఒక దారి ఉంది. కొటేషన్ చూడని ఒకరికి కథ మాత్రమే చదివి వినిపించి, "దీన్నిబట్టి ఏం అర్థమైంది?" అని అడగండి. మేము మా అమ్మకు వినిపించాం. సాఫ్ట్‌వేర్ సంగతి ఆమెకు పట్టదు. "ముందే అడిగేసి ఉంటే అయిపోయేది కదా. పాపం ఇంకో పిల్లాడికి కూడా తెలియదన్నమాట" అంది. మొదట రాసుకున్న వాక్యం దాదాపు అదే, దానితోపాటు మేము అనుకోనిది ఇంకొకటి. నీతి కోసేశాం. అమ్మ గనక "లీడ్ మంచివాడు" అనో "మూడు రోజులు బాగా కష్టపడ్డాడు" అనో అని ఉంటే, కథలో ఆ భాగం ఎక్కువైందని, అక్కడ తగ్గించాలని తెలిసేది. వింటున్నవారు తప్పుగా చెబితే వాళ్లకు వివరించకండి, కథను దిద్దండి.

కథ లేకపోతే

ఒక్కోసారి ఎంత వెతికినా దొరకదు. అప్పుడు చాలామంది ఒకటి కల్పిస్తారు. మన ఊరి లింక్డ్‌ఇన్ నిండా వేదాంతం చెప్పే ఆటో డ్రైవర్లు తిరుగుతూ ఉంటారు. నేను ఇన్నేళ్లుగా బెంగళూరులో ఆటోలెక్కుతున్నాను, నాకు చెప్పిందల్లా మీటర్ మీద ఎంత ఎక్కువివ్వాలో. కల్పించిన కథను ఇట్టే పట్టుకోవచ్చు. అందులో ఎదుటివాడు కొటేషన్‌నే మాట్లాడతాడు, పొల్లుపోకుండా, సరిగ్గా చివర్లో. నిజంగా జరిగినప్పుడు జనం "ఇది డెవ్ కదా" అంటారు.

దొరకనప్పుడు తెలిసినవారి అనుభవాన్ని, వాళ్లను అడిగి, వాళ్లదని చెప్పి పెట్టవచ్చు. లేదంటే ఆ వారం ఏమీ పెట్టకుండా ఊరుకోవచ్చు. సోమవారం ఎనిమిదింటికి పెట్టకపోతే ఎవరూ అడగరని మావాడికి ఈసరికి తెలిసింది.

మార్చి పెట్టడం

లింక్డ్‌ఇన్‌లో పెట్టిన పోస్టులో రాతను దిద్దవచ్చు గానీ బొమ్మను మార్చలేం. కొండ మీద మనిషి అలాగే ఉండి కింద స్టేజింగ్ లింకు కథ వస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. పైగా పాత కామెంట్లన్నీ కొటేషన్‌కు వచ్చినవి. అందుకని పాతది తీసేసి కొత్తగా పెట్టాం, బొమ్మ లేకుండా. లింక్డ్‌ఇన్‌లో మూడు వేల అక్షరాల దాకా పడతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

భయమంతా వాట్సాప్ స్టేటస్‌తోనే వచ్చింది. రాతతో పెట్టే స్టేటస్‌కు ఏడు వందల అక్షరాలే హద్దు. తెలుగులో గుణింతాలు, వత్తులు, సున్నాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్టేజింగ్" మన కంటికి మూడక్షరాలు, లెక్కలో తొమ్మిది. లెక్కపెట్టి చూస్తే కథ మొత్తం ఆ హద్దుకు కాస్త లోపలే ఆగింది, అందుకని స్టేటస్‌లోనూ ఉన్నదున్నట్టే పెట్టేశాడు.

కుటుంబం గ్రూపులో పాత కొటేషన్‌ను వదిలేశాం. పంపిన మెసేజ్‌ను పదిహేను నిమిషాల్లోపే దిద్దగలం. అందరికీ కనిపించకుండా తీసేసే గడువు కూడా రెండు రోజుల చిల్లరే, అదీ దాటిపోయింది. దాని కిందే కొత్తది పెట్టేశాడు, ఏ గ్రూపులో ఎవరుంటారో ఆలోచించకుండా. అది నా పొరపాటు, నేనైనా చెప్పాల్సింది.

రాత్రి తొమ్మిదింటికి పిన్ని నాకు ఫోన్ చేసింది. "ఏమే, వాడేదో మూడు రోజులు తప్పు పని చేశాడట, గ్రూపులో పెట్టుకున్నాడు. ఉద్యోగానికేం కాలేదు కదా?" అంది. ఏమీ కాలేదు పిన్నీ, ఆగస్టులో సంగతి అది, అన్నాను. "మరి అప్పుడే చెప్పొచ్చు కదా నాకు" అంది. వాడికి ఇస్తానుండు అని ఫోన్ ఇచ్చాను.